98 శాతం వెనుక ఏముంది?

ప్రశ్న: ఇంట్లో అందరికీ కలిపి ఆరోగ్య బీమా తీసుకుందామనుకుంటున్నాను. ఒక కంపెనీకి క్లెయిమ్ సెటిల్‌మెంట్ రేషియో 98, ఇన్‌కర్డ్ క్లెయిమ్ రేషియో 58 అని చూశాను. ఇంకో కంపెనీకి 91, 96. దేన్ని నమ్మాలి?

జవాబు: ఈ నాలుగు అంకెలతో తేల్చేయకండి. సెటిల్‌మెంట్ రేషియో క్లెయిమ్‌ల సంఖ్యను లెక్కపెడుతుంది, డబ్బును కాదు. ఏడాది మొదట్లో పెండింగ్‌లో ఉన్నవాటికి ఆ ఏడాది వచ్చినవి కలిపి, అందులో ఎన్నింటికి చెల్లించారో శాతంగా చెబుతారు. కొందరు ఇంకా తేలనివాటిని వదిలేసి లెక్కిస్తారు, అప్పుడు శాతం కాస్త పెరుగుతుంది.

వంద క్లెయిమ్‌లు వచ్చాయనుకోండి. 98 మందికి తలా 20 వేలు ఇచ్చారు. పది లక్షల చొప్పున ఉన్న రెండింటిని తిరస్కరించారు. రేషియో 98 శాతం. కానీ అడిగిన 39.6 లక్షల్లో ఇచ్చింది 19.6 లక్షలే, అంటే సగం కూడా కాదు. మనం బీమా కట్టేది ఆ పది లక్షల బిల్లు కోసమే కదా! పైగా 4 లక్షల బిల్లుకు గది అద్దె పరిమితి దాటిందని మిగతా ఖర్చుల్లోనూ కోత పెట్టి 2.6 లక్షలే ఇచ్చినా, అది చెల్లించిన క్లెయిమ్ కిందే లెక్క.

ఇక ఇన్‌కర్డ్ క్లెయిమ్ రేషియో డబ్బు లెక్క. ఏడాదిలో చెల్లించిన మొత్తానికి, చివర్లో ఇంకా చెల్లించాల్సి ఉందని అంచనా వేసిన మొత్తాన్ని కలిపి, మొదట్లో ఉన్న అంచనాను తీసేస్తారు. 70 కోట్లు చెల్లించి, అంచనా 20 నుంచి 30 కోట్లకు పెరిగితే ఖర్చు 80 కోట్లు. ఆ ఏడాదికి చెందిన ప్రీమియం 100 కోట్లయితే రేషియో 80.

ఇందులో తిరస్కరణల గురించి ఏమీ తెలియదు. 58 రావడానికి క్లెయిమ్‌లు తగ్గించడమే కారణం కానక్కర్లేదు. ప్రీమియం ఎక్కువ కావచ్చు, లేదా కొన్ని జబ్బులకు ఇంకా క్లెయిమ్ వర్తించని వెయిటింగ్ పీరియడ్ దాటని కొత్త పాలసీదారులే ఎక్కువ ఉండవచ్చు. అలాగే 96 ఉదారతకు గుర్తు కాదు. ఉద్యోగుల గ్రూప్ పాలసీలను తక్కువ ప్రీమియానికి అమ్మినా ఈ శాతం పెరుగుతుంది. దానిపైన కమీషన్లు, ఆఫీసు ఖర్చులు కూడా ఉంటాయి కాబట్టి, 96 వ్యక్తిగత పాలసీలదే అయితే రెన్యువల్‌లో ప్రీమియం పెరిగే అవకాశముంది.

అందుకే కంపెనీ వెబ్‌సైట్‌లో పబ్లిక్ డిస్‌క్లోజర్స్ తెరిచి, క్లెయిమ్‌ల లెక్కలుండే NL-37 అనే ఫారం మూడేళ్లవి చూడండి. చెల్లించినవి, తిరస్కరించినవి, ఏడాది చివర మిగిలినవి విడివిడిగా ఉంటాయి. తిరస్కరణలు ఏటేటా పెరుగుతున్నాయా అన్నది నేను మొదట చూస్తాను. NL-45 ఫారంలో ఫిర్యాదులుంటాయి. వాటిని పాలసీల సంఖ్యతో పోల్చండి, పెద్ద కంపెనీకి ఫిర్యాదులు ఎక్కువగానే ఉంటాయి. ఆ తర్వాత రెండు కంపెనీల పాలసీ పత్రాల్లో గది అద్దె పరిమితి, బిల్లులో కొంత వాటా మనమే కట్టాలనే సహ చెల్లింపు నిబంధనలు పక్కపక్కన పెట్టి చదవండి.