అల్లుడూ, మెడ మీద ఒక్క గీతే

ఒరేయ్ అల్లుడూ,

కానిస్టేబులుగా సెలెక్టయ్యావని అక్క ఫోన్ చేసి ఏడ్చింది. ఏడుపు సంతోషంతోనే అనుకో. నేనూ ఆ రోజు షాపులో ఉన్న ఆరుగురికీ టీ ఇప్పించాను. తరవాత అక్క ఇంకో మాట చెప్పింది. ట్రైనింగులో రోజూ గడ్డం గీసుకోవాలట కదా, ఇప్పటినుంచే అలవాటు చేసుకుంటానని అయిదు బ్లేడ్ల రేజరు కొన్నావట. వారం గీసేసరికి దవడ కింద ఎర్రగా గుల్లలు లేచాయట. మెడికల్ షాపువాడు ఏదో ట్యూబ్ ఇస్తే రాస్తున్నావట. ఆ ట్యూబ్ మాట విన్నాక టీ గొంతు దిగలేదు. అందుకే ఇంత ఉత్తరం.

ముందు ఆ ట్యూబ్ పక్కన పెట్టెయ్. ఎందుకో చెప్పాలంటే మీ నాన్న పెళ్లి నాటికి వెళ్లాలి.

1996 మే నెల. నాకు ఇరవై రెండేళ్లు. తెనాలిలో షాపు పెట్టి నాలుగేళ్లయింది, నా అంత నున్నగా గడ్డం చేసేవాడు ఊళ్లో లేడని నాకు పొగరు. పెళ్లికొడుకు నాకు కాబోయే బావ. మరి వేరేవాడి చేత చేయనిస్తానా? పెళ్లికి ముందురోజు సాయంత్రం కుర్చీలో కూర్చోబెట్టాను. మీ నాన్నది నీలాగే ఉంగరాల జుట్టు, గడ్డమూ అంతే. దవడ కింద అప్పటికే నాలుగైదు గుల్లలున్నాయి. మొటిమలనుకున్నాను. ఎడమచేతి రెండు వేళ్లతో చర్మం బిగలాగి, కత్తితో పైనుంచి కిందకి ఒకసారి గీశాను. మళ్లీ నురగ పట్టించి ఎదురు గీశాను. అరచెయ్యి పెట్టి చూస్తే కంఠం దగ్గర కాస్త గరుకు తగిలింది. అక్కడ మూడోసారి కూడా గీశాను. పెళ్లిపీటల మీద మీ నాన్న ముఖం అద్దంలా ఉందని మా మేనత్త అందరి ముందూ నన్ను మెచ్చుకుంది. పెళ్లి ఫోటోల్లో చూడు, నిజంగానే అలా ఉంటుంది.

నాలుగో రోజుకి మెడంతా ఆవాలు చల్లినట్టు లేచింది. పదహారు రోజుల పండక్కి మా ఇంటికొచ్చినప్పుడు, ఆ ఎండల్లో, మీ నాన్న మెడకి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. నేను చీము పట్టిందనుకున్నాను. పట్టకారు తీసుకుని ఒక్కో గుల్లలోంచి వెంట్రుక పీకాను. పైగా మందుల షాపులో అడిగి ఒక ట్యూబ్ తెచ్చిచ్చాను. రెండు రోజుల్లో ఎరుపు తగ్గిపోయింది. ఇంకేం, నేను డాక్టర్నయిపోయాను! గుల్లలు లేచినప్పుడల్లా బావ ఆ ట్యూబే రాసుకునేవాడు. మానేస్తే మళ్లీ లేచేవి, ఇంకాస్త ఎక్కువగా. అలా దాదాపు రెండేళ్లు. చివరికి చర్మం పల్చబడి, ఎండలోకి వెళ్తే చాలు మంట పుట్టేది. అప్పుడు గుంటూరులో చర్మ డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్లాం.

ఆయన ఒక భూతద్దం నా చేతికిచ్చి చూడమన్నాడు. అన్నేళ్లు గడ్డాలు గీసిన నేను మొదటిసారి చూశాను. గుల్ల పక్కన చర్మంలోంచి వెంట్రుక బయటికొచ్చి, వంపు తిరిగి, తన కొసతో మళ్లీ చర్మంలోకే గుచ్చుకుని ఉంది. చిన్న ఉచ్చులాగా, రెండు చివర్లూ లోపలే. ఉంగరాల వెంట్రుక కదా, నిటారుగా పెరగదు. బ్లేడు దాని కొసని ఏటవాలుగా, సూదిలా కోస్తుంది. వంకర తిరిగి చర్మాన్ని పొడుస్తుంది. చర్మం బిగలాగి గీస్తే ఇంకో తంటా. బిగువు వదలగానే కోసిన వెంట్రుక చర్మం లోపలికి జారుకుంటుంది, బయటికి రాకుండా లోపలే పక్క గోడని గుచ్చుతుంది. ఒంట్లోకి ముల్లు దిగినట్టే, ఒళ్లు దాని మీద తిరగబడుతుంది. ఎరుపూ దురదా అందుకే. అందులో పురుగూ లేదు, క్రిమీ లేదు. నేను పీకిన వెంట్రుకలు కూడా చర్మం కిందనే మళ్లీ మొలిచి కొత్త గుల్లలయ్యాయి. ఇక ఆ ట్యూబులో ఉన్నది స్టెరాయిడ్ అని ఆయన చెప్పాడు. వాపుని అణిచిపెడుతుంది, ముల్లుని మాత్రం తియ్యదు. అదే పనిగా రాస్తే చర్మాన్ని తినేస్తుంది.

మందు ఏమిటని అడిగితే, నెల రోజులు గడ్డం ముట్టుకోవద్దన్నాడు. మొదటి వారం బావ నన్ను తిట్టని తిట్టు లేదు, దురద అంత ఎక్కువైంది. రెండో వారం దాటాక వెంట్రుకలు పొడవై వాటంతటవే స్ప్రింగుల్లా బయటికొచ్చేశాయి. నెలకి మెడ చదునైంది. కానీ నల్ల మచ్చలు, రెండు చోట్ల గట్టి కాయల్లాంటివి ఉండిపోయాయి. మీ నాన్న చొక్కా పై గుండీ ఎప్పుడూ ఎందుకు పెట్టుకుంటాడో నీకిప్పుడు తెలిసిందిగా.

సరే, నీ సంగతి. నీవి ఏ గుల్లలో ముందు తేల్చుకోవాలి. ఫోన్ కెమెరా దగ్గరికి జరిపి వెలుతురులో ఫోటో తీసి పెద్దది చేసి చూడు. గీసిన చోటే ఉన్నాయా? దవడ కిందా మెడ మీదా ఎక్కువగా, గీసిన ఒకటి రెండు రోజులకి లేస్తున్నాయా? నల్లటి ఉచ్చు కనబడుతోందా? అయితే మీ నాన్నవే. అలా కాక, ప్రతి గుల్లకీ తెల్లటి చీము తల ఉండి, దాని నడిమధ్య నుంచి వెంట్రుక నిటారుగా వస్తుంటే అది వెంట్రుక కుదుట్లో ఇన్ఫెక్షన్. ముట్టుకుంటే నొప్పి పుడుతుంది. గీయని చోట, ఛాతీ మీదో తొడల మీదో కూడా లేవచ్చు. గడ్డం పెంచినంత మాత్రాన పోతుందని చెప్పలేం, డాక్టరు ఇచ్చే మందు కావాలి. రెండూ కలిసి కూడా వస్తాయి, గోకిన గుల్లలో క్రిమి చేరితే. పొట్టు రాలుతూ గుండ్రంగా పాకుతుంటే అది తామర, దాని మీద స్టెరాయిడ్ పడితే అసలు రూపమే మారిపోయి డాక్టరుకి కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది. ఎరుపు పాకినా, సెగగడ్డలా వాచినా, జ్వరం వచ్చినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లు, నా ఉత్తరం కోసం చూడకు.

ట్రైనింగుకి ఇంకా అయిదు వారాలుందని అక్క చెప్పింది. అదృష్టం. ఇవాళ్టినుంచి నాలుగు వారాలు బ్లేడు ముట్టుకోకు. దురదకి చల్లటి తడిగుడ్డ అయిదు నిమిషాలు వేసుకో. ఉచ్చు పైకి కనబడుతుంటే మాత్రమే, స్పిరిట్‌తో తుడిచిన సూదితో కొసని మెల్లగా పైకి లేపి వదిలెయ్. పీకకు. కనబడని దానికోసం తవ్వకు. మచ్చలకి ఇంకేమైనా రాయాలంటే చర్మ డాక్టరుని అడుగు. అడాపలీన్ జెల్ లాంటివి రాత్రిపూట కొద్దిగా రాయమంటారు. అదైనా మొదట్లో మండుతుంది, కాబట్టి రోజు విడిచి రోజు.

అయిదో వారం మొదలుపెట్టు. స్నానం చేసి వచ్చాక, తడి ఆరకముందే. నురగ పట్టించి రెండు మూడు నిమిషాలు ఆగు, వెంట్రుక నానాలి. అయిదు బ్లేడ్ల రేజరు మీ చెల్లికి కూడా ఇవ్వకు, అసలు పారెయ్. ముందు బ్లేడు వెంట్రుకని పైకి లాగితే వెనక బ్లేడు కోస్తుంది, మిగిలిన మొదలు చర్మం కిందకి దిగిపోతుంది. నేను కత్తితో మూడుసార్లు గీసి చేసిన పాపం అది ఒక్క లాగుడుతో చేస్తుంది. ఒక్క బ్లేడు రేజరు చాలు. చర్మం లాగకు, బరువు వెయ్యకు, వెంట్రుక వాలుకే గీయి, అదీ ఒక్కసారే. ప్రతి గీతకీ బ్లేడు కడుగు. అయిదుసార్లు వాడాక మార్చెయ్. చివర్లో చన్నీళ్లు. మండే ఆఫ్టర్‌షేవ్ వద్దు.

తరవాత అరచెయ్యి పెడతావు. గరుకు తగులుతుంది. అక్కడే ఆపాలి! ముప్పై ఏళ్లు నున్నదనం అమ్ముకుని బతికినవాణ్ణి, నాకీ మాట రాయడానికి ఎంత కష్టంగా ఉందో. అడుగు దూరంలో నిలబడ్డ ఆఫీసరుకి నీ ముఖం నున్నగానే కనిపిస్తుంది, ఆయనేం చెయ్యి పెట్టి చూడడు. అయినా గుల్లలు లేస్తే అక్కడి డాక్టరుకి చూపించి, కొన్నాళ్లు ట్రిమ్మరు వాడుకునేలా చీటీ రాయించుకో. సిగ్గుపడి దాచుకోకు, మీ నాన్నలాగా.

ఇంకొకటి. బ్యారక్‌లో పక్కమంచం వాడు, ఒరేయ్ రేజరు ఒకసారి ఇవ్వరా అంటాడు. ఇవ్వకు, తీసుకోకు. స్నేహం చెడినా పర్లేదు. కనబడనంత చిన్న గాటు చాలు, రక్తంలో హెపటైటిస్ బి అంటుకోవడానికి. పటిక రాయి కూడా అంతే. ఒకే పటికతో ఊరందరి బుగ్గలూ రుద్దినవాణ్ణి నేను, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మీ చెల్లి నీ రేజరే తీసుకుని కాళ్లకి వాడుతోందని అక్క నవ్వుతూ చెప్పింది, నాకు నవ్వు రాలేదు. దాని మోకాళ్ల పైన లేచినవి చీము తలలవి అంటోంది. మేనమామ ఇలాంటివి మాట్లాడకూడదేమో కానీ చెప్పు దానికి. విడిగా రేజరు కొనుక్కోమను, పొడి కాళ్ల మీద గీయొద్దను, గీయగానే కొబ్బరినూనె పట్టించి బిగుతు జీన్సు తొడగొద్దను. కాళ్ల వెంట్రుక కిందకి వాలుతుంది, ఈ పిల్లలంతా చీలమండ నుంచి పైకి గీస్తారు. అవి తగ్గేదాకా గీయడమే వద్దను.

నాలుగు వారాల గడ్డంతో ఒకసారి షాపుకి రా. నీ మెడ మీద వెంట్రుకలు ఎటు వాలుతున్నాయో, కంఠం పక్కన సుడి ఎక్కడ తిరుగుతోందో పెన్నుతో బాణాలు గీసి ఫోటో తీసి నీ ఫోన్‌లో పెడతాను. ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, మీ నాన్నకి కుడి పక్కన వెంట్రుక చెవి వైపుకి పాకుతుంది. ఒక రేజరూ రెండు పెట్టెల బ్లేడ్లూ తీసి ఉంచాను. మంగళవారం మాత్రం రాకు, షాపు ఉండదు.

మీ మావయ్య