ధన్యవాదాల ఉత్తరం నోటీసులా ఉంటే

సందేహం: మాది మంగళగిరి చీరల టోకు వ్యాపారం. ఒక దుకాణదారు గారు జూన్ 20 గడువున్న బిల్లును 10వ తేదీనే కట్టేశారు. ఆయనకు ఇలా రాశాను: ‘మీ యొక్క చెల్లింపు మా చేత స్వీకరించబడినది. ఈసారి గడువు కంటే ముందుగా చెల్లించినందుకు గాను ధన్యవాదములు తెలియజేయడమైనది. ఇకపై కూడా ఇలాగే చెల్లిస్తూ ఆర్డర్లు ఇస్తారని ఆశిస్తున్నాము.’ చదివితే నోటీసులా ఉంది. ఎలా మార్చాలి?

సమాధానం: ముందుగా ‘ఈసారి’ తీసేయండి. వ్యాకరణం ప్రకారం అందులో తప్పేమీ లేదు. కానీ ఆ మాట పడగానే ‘మరి పోయినసారి?’ అనే ప్రశ్న పుడుతుంది. ఎప్పుడూ బాకీ పెట్టని మనిషికి అది ఎత్తిపొడుపులా తగులుతుంది. ‘ఇకపై కూడా ఇలాగే చెల్లిస్తూ’ అన్నదీ అంతే. ఆయన తనంతట తాను చూపిన మంచితనాన్ని మీరు షరతుగా మార్చేశారు. మీ ఉత్తరంలో అన్నిటికంటే నొప్పించే భాగం ఇదేనని నా అభిప్రాయం.

ఇక ‘స్వీకరించబడినది’ సంగతి. ‘బడు’ ప్రయోగం తెలుగులో ఉన్నదే. కాకపోతే ఇక్కడ దానితో పని లేదు. అందింది, ముట్టింది, చేరింది, జమ అయింది వంటి క్రియలు మనకున్నాయి. వీటిలో వచ్చిన సొమ్మే కర్తగా నిలబడుతుంది కాబట్టి ‘మా చేత’ అనే అవసరమే రాదు. వీటిలోనూ తేడా ఉంది. ‘ముట్టింది’ అంటే లెక్క ప్రకారం చేతికొచ్చిందని ఒప్పుకోవడం, అది రసీదుకు బాగుంటుంది. ఉత్తరంలో ‘అందింది’ చాలు. బ్యాంకు ద్వారా వస్తే ‘జమ అయింది’ ఇంకా స్పష్టం. అయితే ఎంత వచ్చింది, ఏ బిల్లుకు, ఇంకా బాకీ ఉందా అన్నవి చెప్పకపోతే ఏ క్రియ వాడినా ఆయన మళ్లీ ఫోన్ చేసి అడగాల్సిందే.

‘మీ యొక్క’లో ‘యొక్క’, ‘చెల్లించినందుకు గాను’లో ‘గాను’ తీసేసినా అర్థం చెక్కుచెదరదు. ‘తెలియజేయడమైనది’లో చెప్పే మనిషి కనిపించడు. ధన్యవాదాలు చెప్పేటప్పుడు మనిషి కనిపించాలి. ‘గడువు కంటే ముందుగా’ తప్పు కాదు గానీ, ‘గడువుకు ముందే’ అంటే ఆ ‘ఏ’కారంలోనే మీ సంతోషం వినిపిస్తుంది.

ఆర్డర్ల మాటకు విడిగా ఒక వాక్యం ఇవ్వండి. ‘ఆశిస్తున్నాము’ అనే కన్నా మీ దగ్గర ఏముందో చెబితే అదే పిలుపు అవుతుంది. బిల్లు నంబరు, మొత్తం మీవి వేసుకుని ఇలా రాయొచ్చు:

‘నమస్కారమండీ. 112వ నంబరు బిల్లుకు మీరు పంపిన రూ. 48,500 జూన్ 10న మా ఖాతాలో జమ అయ్యాయి. ఆ బిల్లుకు ఇక బాకీ లేదు. గడువుకు పది రోజుల ముందే పంపారు, చాలా సంతోషం. మీకు మా ధన్యవాదాలు. నిజాం అంచు చీరలు కొత్త రంగుల్లో వచ్చాయి. ఎప్పుడు కావాలన్నా ఒక్క మాట చెప్పండి, ఫొటోలు పంపుతాం.’