గ్రేవీని మళ్లీ మళ్లీ వేడి చేయొచ్చా?

"ఆదివారం రాత్రి రెండు లీటర్ల మాంసం గ్రేవీ చేశాను. రోజూ గిన్నె మొత్తం మరిగించి, కావాల్సినంత తీసుకుని, మిగతాది చల్లారాక ఫ్రిజ్‌లో పెడుతున్నాను. ఇవాళ బుధవారం. రోజూ మరుగుతోంది కదా, ఇంకెన్ని రోజులు వాడొచ్చు?"

ఆ గిన్నెలో మిగిలింది పారేయండి. అసలు చిక్కు మరిగించడంలో లేదు, మరిగాక గిన్నె చల్లారే ఆ కొన్ని గంటల్లో ఉంది.

మాంసం గ్రేవీలో ఎక్కువగా భయపడాల్సింది క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ అనే బాక్టీరియాకి. దాని బీజాలు మరిగినా చావవు. మరిగినప్పుడు గ్రేవీలోని గాలి పోతుంది, గాలి లేని చోటే దీనికి హాయి. గ్రేవీ 60 డిగ్రీల కిందికి దిగాక ఆ బీజాలు మొలకెత్తి, 45 డిగ్రీల దరిదాపుల్లో చాలా వేగంగా పెరుగుతాయి. చిక్కటి గ్రేవీ లోతు గిన్నెలో ఉంటే పైన మీగడ కట్టి చల్లగా కనిపిస్తుంది గానీ, గరిటె అడుగుదాకా దించితే మధ్యలో ఇంకా వెచ్చగానే ఉంటుంది. మీరు రోజూ మరిగించిన ప్రతిసారీ ఈ వెచ్చటి గంటలు మళ్లీ మొదటికి వచ్చాయి. మరుసటి రోజు మరిగిస్తే పెరిగినవి చస్తాయి, బీజాలు మాత్రం మిగులుతాయి. వేరే కొన్ని బాక్టీరియాలు వదిలే విషాలైతే మరిగినా పోవు. వాసన, రుచి మామూలుగానే ఉంటాయి కాబట్టి వాటిని నమ్మడానికి లేదు.

ఈసారి వండిన రాత్రే గ్రేవీని నాలుగు అర లీటరు డబ్బాల్లోకి పంచండి. డబ్బాలో గ్రేవీ లోతు 5 సెంటీమీటర్లు దాటకూడదు. డబ్బాల్ని చల్లటి నీళ్ల పళ్లెంలో పెట్టి మధ్యమధ్యలో కలపండి. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లిపోవాలి, కాస్త గోరువెచ్చగా ఉన్నా పర్వాలేదు. ఫ్రిజ్ 5 డిగ్రీలు దాటకుండా చూసుకోండి. రెండు రోజుల్లో తినేవి ఫ్రిజ్‌లో, మిగతావి ఆ రాత్రే ఫ్రీజర్‌లో.

తినేటప్పుడు ఒక్క డబ్బానే తీయండి. చిక్కటి గ్రేవీ అంచుల్లో బుడగలు వస్తుంటే మరిగిపోయిందనిపిస్తుంది, కానీ నడుమ ఇంకా వేడెక్కి ఉండదు. అడుగు నుంచి కలుపుతూ, గిన్నె అంతటా తెర్లేదాకా ఉంచండి. థర్మామీటర్ ఉంటే నడుమ 75 డిగ్రీలు చూపాలి. మైక్రోవేవ్‌లో అయితే సగంలో ఆపి కలపడం మరీ ముఖ్యం.

అలా వేడి చేసిన డబ్బా ఆ పూటే అయిపోవాలి. మిగిలితే మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టొద్దు. ఒక్కసారే వేడి చేయాలన్న హద్దు బ్రిటన్ ఆహార భద్రతా సంస్థ కూడా చెప్పేదే. అమెరికా మార్గదర్శకాలు ఇన్నిసార్లే అని కట్టడి పెట్టవు, ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులే అంటాయి. ఇంట్లో వేగంగా చల్లార్చడం ఎవరికైనా కష్టమే కాబట్టి నేను ఒక్కసారి దగ్గరే ఆగుతాను. ఆ రోజుల లెక్క వండిన రోజు నుంచే, మళ్లీ మరిగించినంత మాత్రాన కొత్తగా మొదలవదు.