బుధవారం తలుపు మూసే ముందు

పర్లాకిమిడి
2025 డిసెంబరు 4, లక్ష్మివారం

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. జీడి ఫ్యాక్టరీకి నిన్ను మేనేజర్ని చేశారని చెబుతూ ఏడ్చేసింది. నాకూ గొంతు పట్టేసింది. ఆ మోహన రోడ్డులో నేను సైకిల్ తొక్కుకుంటూ పనికి వెళ్ళిన రోజుల్లో, మన ఇంటి ఆడపిల్ల అక్కడ మేనేజరు కుర్చీలో కూర్చుంటుందని ఎవరైనా అంటే నమ్మేవాణ్ణి కాదు. ఫోన్ పెట్టేసే ముందు మీ అమ్మ ఇంకో మాట కూడా అంది. "రోజుకో రకం పని అని వారమంతా పంచేసుకుందట అన్నయ్యా, కాగితం మీద గీసి గోడకి అంటించిందట" అని. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున్న నువ్వు పంపిన ఫొటో చూశాను. సోమవారం ఉత్పత్తి, మంగళవారం మీటింగులు, బుధవారం తలుపు మూసుకుని లెక్కలు, లక్ష్మివారం కొనుగోళ్ళు, శుక్రవారం సంతకాలూ కాగితాలూ, శనివారం సిబ్బంది సంగతులు. ఆలోచన మంచిదే. పొద్దున్నించి రాత్రిదాకా అన్ని రకాల పనులూ కలగలిపి చేసేవాడికి ఏ ఒక్కటీ లోతుగా చెయ్యడం కుదరదు. ఆ బాధ నేను పడ్డాను.

ట్విట్టరూ స్క్వేరూ రెండు కంపెనీలు ఒకేసారి నడిపిన కాలంలో జాక్ డోర్సీ కూడా ఇలాగే సోమవారం మేనేజిమెంటు, మంగళవారం ప్రోడక్టు, బుధవారం మార్కెటింగు అని పెట్టుకున్నాడని రాశావు. నిజమే. కానీ ఆయన తలుపు వేసుకున్న రోజున మిగతా పనుల మీద నిర్ణయం తీసుకోవడానికి ఒక్కో విభాగానికి ఒక్కో పెద్ద అధికారి ఉన్నాడు. నీకున్నది ఒక అకౌంటెంటు, ఒక స్టోరు కీపరు, యార్డులో ఒక మేస్త్రి. నువ్వు తలుపు మూస్తే ఫ్యాక్టరీలో నిర్ణయం అనేదే ఆగిపోతుంది. నేను మూశాను కాబట్టి చెబుతున్నాను.

1999లో సంగతి. అప్పుడు నేను పనిచేసిన ఫ్యాక్టరీ పేరు వద్దులే. మేనేజర్నయి నాలుగు నెలలైంది. రోజంతా మనుషులు వస్తూనే ఉండేవారు. ఒకడు గోనె సంచుల బిల్లుతో, ఒకడు సెలవు చీటీతో, ఒకడు బాయిలరు కట్టెల లెక్కతో. విసిగిపోయి నేనూ నీలాగే గీశాను. మంగళవారం లెక్కల రోజు, శనివారం సంతకాల రోజు. బల్ల మీద ఒక ట్రే పెట్టించి, ఎవరి కాగితమైనా అందులో వెయ్యండి, శనివారం చూస్తానన్నాను. మంగళవారం ఎవర్నీ లోపలికి పంపొద్దని బయట అటెండరుకి గట్టిగా చెప్పాను.

మే నెల. జీడిపిక్కల కొనుగోలు ముమ్మరంగా ఉంది. ఒక సోమవారం మధ్యాహ్నం నూట నలభై బస్తాలు దిగాయి. బస్తా ఎనభై కిలోలు, అంటే పదకొండు టన్నుల పైమాట. దారిలో వాన తగిలింది. బాగా ఎండిన పిక్కని దోసిట్లో పట్టి కదిపితే గలగలమంటుంది కదా, ఇవి మొద్దుగా ఉన్నాయి. మేస్త్రికి చూడగానే తెలిసింది. వెంటనే విప్పి, నేల మీద పల్చగా పరిచి, మూడు రోజులు తిరగేస్తూ ఎండబెట్టాలి. దానికి ఎనిమిది మంది అదనపు కూలీలు కావాలి. మనిషికి రోజుకి యాభై రూపాయల చొప్పున మూడు రోజులకి మొత్తం పన్నెండు వందలు. ఆ మాటే చీటీ మీద రాసి, నేను చెప్పినట్టే ట్రేలో వేశాడు. నేను చూడలేదు. సంతకాల రోజు కాదు కదా.

మంగళవారం పొద్దున్న ఆయనే స్వయంగా వచ్చాడు. మా నాన్న వయసు మనిషి. "సారు ఇవాళ ఎవర్నీ కలవరు" అన్నాడు అటెండరు. ఆయన గుమ్మం దగ్గర కాసేపు నిలబడి వెళ్ళిపోయాడట. ఆ సమయంలో నేను లోపల ఏం చేస్తున్నానో తెలుసా? బస్తా పిక్కలకి ఎంత పప్పు దిగుతోంది, అందులో విరగని గుండు ఎంత, విడిపోయిన బద్ద ఎంత, దాన్నిబట్టి బస్తాకి ఎంత ధర పెట్టొచ్చు అని లెక్క కడుతున్నాను. చాలా శ్రద్ధగా కట్టాను. ఆ లెక్క తప్పు కూడా కాదు. లెక్కలో ఉన్న పిక్కలు మాత్రం బయట టార్పాలిన్ కింద ఉడికిపోతున్నాయి.

శనివారం ట్రే తీశాను. పైన సెలవు చీటీలు, మధ్యలో గోనెల బిల్లు, అడుగున మేస్త్రి చీటీ. చదివి యార్డులోకి పరుగెత్తాను. కుప్పలో చెయ్యి పెడితే వేడిగా తగిలింది. బస్తా విప్పితే బూజు వాసన. తడిపిక్కని కుప్ప పోస్తే దానంతట అదే వేడెక్కుతుందనీ, ఆ వేడికి లోపలి పప్పు నల్లబడుతుందనీ నాకు తెలియక కాదు. ఎవరూ చెప్పలేదనుకున్నాను. రెండుసార్లు చెప్పారు. నాలుగు కిలోలకి ఒక కిలో చొప్పున రెండు వేల ఎనిమిది వందల కిలోల పప్పు రావాల్సింది. పంతొమ్మిది వందలు కూడా రాలేదు. వచ్చినదాంట్లో సగానికి మరకలే. మేస్త్రి నన్ను ఒక్క మాట అనలేదు. "మీరు పనిలో ఉన్నారన్నారు బాబూ" అన్నాడు, అంతే. ఇన్నేళ్ళయినా ఆ గుమ్మమే నాకు గుర్తొస్తుంది.

ఇప్పుడు చెప్పు, తప్పు ఎక్కడుంది? రోజులు పంచుకోవడంలో లేదు. ఏ పని ఎంతసేపు ఆగగలదో చూడకుండా పంచడంలో ఉంది. వారానికి ఒక్కసారే ట్రే తీస్తే, తీసిన మర్నాడు పడిన కాగితం ఆరు రోజులు ఆగుతుంది. సెలవు చీటీ ఆగగలదు. తడిపిక్క రెండు రోజులు కూడా ఆగదు. రెండూ ఒకే ట్రేలో పడేలా చేశాను నేను.

కాబట్టి ముందు గోడ మీది కాగితం తీసెయ్. రెండు వారాలు ఒక నోటుబుక్కు పెట్టు. నీ దగ్గరికి వచ్చిన ప్రతి పనికీ ఒక వరస రాయి. ఎవరు తెచ్చారు, ఏం కావాలి, ఎంతసేపు ఆగినా నష్టం లేదు. ఆ మూడోది నువ్వు ఊహించకు, తెచ్చినవాళ్ళనే అడుగు. వారం ఆగగలిగినవి మాత్రమే ఒక రోజుకి కట్టు. ఒకటి రెండు రోజులే ఆగేవాటికి రోజూ పదకొండున్నర నుంచి పన్నెండు దాకా అరగంట ఉంచు. బుధవారమైనా సరే ఆ అరగంట తలుపు తెరిచే ఉండాలి. ఇక గంటలు కూడా ఆగనివి నీ దగ్గరికి రాకూడదు. యార్డు మేస్త్రికి రెండు వేల దాకా సొంతంగా ఖర్చుపెట్టే అధికారం ఇచ్చి, పుస్తకంలో రాసి తర్వాత చూపించమను. యజమానితో మాట్లాడి దీన్ని రాతపూర్వకంగా చేయించు. నోటిమాటగా ఇస్తే మేస్త్రి భయపడి వాడడు, మళ్ళీ నీ గుమ్మం దగ్గరికే వస్తాడు.

మంగళవారం మీటింగులన్నీ ఒకదాని వెంట ఒకటి పెట్టుకోవడం బాగుంది, అలాగే ఉంచు.

బుధవారం పొద్దున్న ఎనిమిది నుంచి పదకొండున్నర దాకా నీ లెక్కలు చేసుకో. అంతకంటే ఎక్కువసేపు బుర్ర ఎలాగూ పని చెయ్యదు. మధ్యాహ్నం లోపలే కూర్చోకుండా షెల్లింగు నుంచి గ్రేడింగు దాకా ఒకసారి నడువు. పప్పు ఎండబెట్టే బోర్మా దగ్గర రెండు నిమిషాలు ఎక్కువ నిలబడు, అక్కడి వాళ్ళే అసలు సంగతులు చెబుతారు.

లక్ష్మివారం కొనుగోళ్ళు అని రాశావు. పలాస వెళ్ళి వ్యాపారుల్ని కలవడానికైతే సరే. కానీ ఆ పొద్దున్న ఫ్యాక్టరీలో ముఖ్యమైన పనేదీ పెట్టకు. మార్గశిరంలో ఒడియా ఇళ్ళలో ప్రతి గురువారం లక్ష్మీపూజ, తెల్లవారుజామునే ఇల్లు కడిగి ముగ్గులేస్తారు. ఆడవాళ్ళు ఆలస్యంగా వస్తారు. వాళ్ళ మార్గశిరం మనకంటే పదిహేను రోజుల ముందే మొదలై ముందే ముగుస్తుంది. అంటే మనవాళ్ళవీ వాళ్ళవీ కలిపి ఒకటిన్నర నెలల లక్ష్మివారాలు. పొట్టు తీసేచోట సగం మంది లేకపోతే దానికి గైర్హాజరు వేసి కోప్పడకు. ముందే తెలిసిన సంగతి అది.

శుక్రవారం కాగితాల గురించి ఒకటి గట్టిగా చెబుతున్నాను. నువ్వు వారాలతో గీశావు, ప్రభుత్వం తేదీలతో అడుగుతుంది. జీతాలు ఏడో తేదీలోపు, పీఎఫ్, ఈఎస్ఐ పదిహేనులోపు. వచ్చే జనవరి చూడు. పదిహేనో తేదీ లక్ష్మివారం పడింది, నీ శుక్రవారం పదహారు. ఒక్క రోజు దాటితే వడ్డీ, ఆపైన డామేజీలు. అంటే ఆ పని అంతకుముందు శుక్రవారం, తొమ్మిదినే అయిపోవాలి. పైగా అప్పుడే సంక్రాంతి, అకౌంటెంటు ఊరెళ్ళిపోతాడు. ఇవాళే క్యాలెండరు తీసి ఏడాది మొత్తానికీ ఏ నెల ఏ శుక్రవారం ఏ తేదీకి పనికొస్తుందో ఎర్రసిరాతో రాసుకో. గంట పని.

పిక్కల సీజను వచ్చాక, మార్చి నుంచి జూన్ దాకా, ఈ పంపకం నిలవదు. ధర పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి. కొనుగోళ్ళకి ఒక రోజంటూ ఉండదు. అప్పుడు బుధవారం పొద్దున్న ఆ మూడున్నర గంటలు ఒక్కటే కాపాడుకో, మిగతాదంతా వదిలెయ్. అది ఓటమి అనుకోకు తల్లీ.

పద్ధతి చెడుతోందని ఎలా తెలుస్తుందంటే, నీ గది బయట వరండా చూడు. మనుషులు కాగితాలు పట్టుకుని నిలబడుతున్నారా? రాత్రి ఎనిమిది తర్వాత ఫోన్లు పెరిగాయా? అటెండరు "రేపు రండి" అనడం నీ చెవిన పడిందా? వాడికి ఆ మాట అనే అధికారం ఇవ్వకు. ఎవరొచ్చినా "ఎంతసేపు ఆగగలరు?" అని అడగమని నేర్పు. ఆగలేమంటే తలుపు కొట్టమను, బుధవారమైనా.

కోప్పడ్డాననుకోకు. చిన్నప్పుడు మహేంద్రతనయ ఒడ్డున నువ్వు గులకరాళ్ళు ఏరి రంగుల వారీగా వేరుచేసి పెట్టేదానివి. తెల్లవి ఒక కుప్ప, ఎర్రవి ఒక కుప్ప. ఎవరైనా ఒకటి కదిపితే ఏడ్చేదానివి. ఆ ఫొటో చూడగానే నాకు అదే గుర్తొచ్చింది.

రెండు వారాల నోటుబుక్కు నింపాక ఆదివారం ఇటు రా. మీ అత్తయ్య మినప సున్నుండలు చేస్తానంటోంది. మూడో గడి మాత్రం ఖాళీగా వదిలి తేకు.

మీ మావయ్య