స్క్రిప్ట్ ఆగిపోయాక స్టాప్ లాస్ పరిస్థితి ఏంటి?

ప్రశ్న: నా స్క్రిప్టే ధర చూస్తూ, స్టాప్ తగలగానే మార్కెట్ ఆర్డర్ కొడుతుంది. అలా కాకుండా స్టాప్ ఆర్డర్ ఎక్స్ఛేంజ్‌లోనే పెట్టేయమంటున్నారు. స్క్రిప్ట్ మధ్యలో చచ్చిపోతే ఈ రెండూ ఏం చేస్తాయి?

జవాబు:

స్క్రిప్ట్ చూసే స్టాప్ స్క్రిప్ట్‌తోపాటే పోతుంది. అది మీ ప్రోగ్రాములో ఉన్న ఒక అంకె మాత్రమే, ఎక్స్ఛేంజ్‌కు దాని ఊసే తెలియదు. ఎక్స్ఛేంజ్‌లో పెట్టిన స్టాప్ మాత్రం మీరు చివరిసారి ఎక్కడ వదిలారో అక్కడే ఉంటుంది. ట్రెయిలింగ్ చేసేది మీ స్క్రిప్టే అయితే, అది పోయాక స్టాప్ ఇక పైకి జరగదు.

స్క్రిప్ట్ పూర్తిగా పడిపోతే నయం, ఎర్రర్ అయినా కనిపిస్తుంది. నన్ను ఎక్కువ సతాయించింది బతికుండి కూడా ఏమీ చేయని స్క్రిప్ట్. ధరలు తెచ్చే కనెక్షన్ ఎర్రర్ లేకుండా మూగబోతుంది. చివరి ధర 492 దగ్గర ఆగిపోతుంది, స్టాప్ 485. లూప్ తిరుగుతూనే ఉంటుంది, ప్రతిసారీ 492ను 485తో పోల్చి అంతా బాగుందనుకుంటుంది. బయట మార్కెట్ 470కి వచ్చేసి ఉంటుంది. ప్రాసెస్ నడుస్తోందా అని చూస్తే ఇది దొరకదు. చివరి ధర ఎప్పుడు వచ్చిందో చూడాలి:

```python
if time.time() - last_tick > 5:
    alert("feed stale")
```

ఆ 5 సెకన్లను మీ ఇన్‌స్ట్రుమెంట్ ఎంత చురుగ్గా ట్రేడవుతుందో చూసుకుని మార్చుకోండి. అరుదుగా ట్రేడయ్యేవాటికి 5 పెడితే అలర్ట్‌లు మోగుతూనే ఉంటాయి.

ఇక ఎక్స్ఛేంజ్ స్టాప్‌తో వచ్చే తంటా చూడండి. ఫ్యూచర్స్‌లో 500 దగ్గర 10 లాట్లు కొన్నారు, ఒక లాట్ అంటే ఒక యూనిట్ అనుకుందాం. 485 దగ్గర స్టాప్, 530 దగ్గర టార్గెట్, రెండూ ఎక్స్ఛేంజ్‌లోనే ఉన్నాయి. ఒకటి తగిలితే రెండోదాన్ని క్యాన్సిల్ చేసే పని స్క్రిప్ట్‌ది. స్క్రిప్ట్ పోయింది, ఆ తర్వాత టార్గెట్ తగిలింది. పొజిషన్ సున్నా, 300 లాభం. అయినా 485 స్టాప్ అనాథలా అలాగే ఉండిపోయింది. మర్నాడు ధర 485కి దిగితే అది 10 లాట్లు అమ్మేస్తుంది, అమ్మడానికి మీ దగ్గర ఏమీ లేదు కాబట్టి అది కొత్త షార్ట్ పొజిషన్. ధర మళ్లీ 510కి ఎక్కితే నష్టం 250. ప్రాణం కాపాడటానికి పెట్టిన ఆర్డరే వచ్చిన లాభంలో ముప్పాతిక పైగా తినేసింది.

దీనికి మందు స్క్రిప్ట్‌లో వెతక్కండి. ఆ రెండు ఆర్డర్లను ఎక్స్ఛేంజే జతకట్టే సదుపాయం, అంటే ఓసీఓ, ఉంటే అది వాడండి. లేకపోతే చాలా క్రిప్టో ఎక్స్ఛేంజ్‌ల ఫ్యూచర్స్‌లో ఉండే `reduceOnly` పెట్టండి. అది ఉన్న పొజిషన్‌ను తగ్గించగలదు తప్ప కొత్తది తెరవలేదు.

ఇంకో చోట కూడా జాగ్రత్త కావాలి. కొన్ని ఎక్స్ఛేంజ్‌లలో కనెక్షన్ తెగినా, నిర్ణీత సమయంలో మీ నుంచి సంకేతం రాకపోయినా ఆర్డర్లన్నీ రద్దు చేసే ఏర్పాటు ఉంటుంది. మార్కెట్ మేకింగ్ చేసేవాళ్లకు అది వరం. మీలా పొజిషన్ పట్టుకుని కూర్చునేవాళ్లకు స్టాప్ కూడా అందులో కొట్టుకుపోతే, సరిగ్గా కావలసిన సమయానికే రక్షణ ఉండదు. ఆన్ చేసే ముందు స్టాప్‌లను అది వదిలేస్తుందో లేదో చూడండి.

నేను రెండూ వాడతాను. లోపలి స్టాప్ స్క్రిప్ట్ చేతిలో, దానికి కాస్త దూరంగా ఇంకోటి ఎక్స్ఛేంజ్‌లో. మామూలు రోజుల్లో స్క్రిప్ట్‌దే పని, అది పోతే దూరంగా ఉన్నది పట్టుకుంటుంది. ఆ దూరపుదాన్ని స్టాప్ మార్కెట్‌గానే పెడతాను. 480 ట్రిగ్గర్, 478 లిమిట్‌తో స్టాప్ లిమిట్ పెట్టామనుకోండి, ధర ఒక్కసారిగా 474కి దూకితే ఆర్డర్ ట్రిగ్గరవుతుంది గానీ అమ్ముడుపోదు. దాన్ని వెంబడించడానికి స్క్రిప్ట్ లేదు. మార్కెట్ ఆర్డర్‌కు చెడ్డ ధరే పడొచ్చు, కానీ బయటపడతాం. స్టాప్ జరపాలన్నా పాతది క్యాన్సిల్ చేసి కొత్తది పెట్టను, ఉన్నదాన్నే మాడిఫై చేస్తాను. క్యాన్సిలైన క్షణంలో స్క్రిప్ట్ పోతే ఏ స్టాపూ ఉండదు కదా.

ఇదంతా టెస్ట్ అకౌంట్‌లో `kill -9` కొట్టి చూసుకోండి. Ctrl+C కొడితే స్క్రిప్ట్ మర్యాదగా ఆర్డర్లు సర్దుకుని వెళ్లే వీలుంది, నిజంగా చచ్చేటప్పుడు ఆ అవకాశం ఉండదు. ఎంట్రీ ఫిల్లయ్యి స్టాప్ ఇంకా పెట్టని మధ్యలో ఒకసారి చంపండి, టార్గెట్ తగలబోయే ముందు ఒకసారి. ప్రతిసారీ ఎక్స్ఛేంజ్ స్క్రీన్‌లో పొజిషన్, ఓపెన్ ఆర్డర్లు పక్కపక్కన పెట్టి చూడండి. తర్వాత స్క్రిప్ట్ మళ్లీ లేపండి. అది తన ఫైల్‌లో రాసుకున్నది నమ్మకుండా ముందు ఎక్స్ఛేంజ్‌ను అడగాలి. లేకపోతే ఉన్న స్టాప్ పక్కనే ఇంకోటి పెట్టేస్తుంది.