వంటింట్లో సింథటిక్ చున్నీ ఎందుకంత ప్రమాదం?

"కాటన్ కూడా అంటుకుంటుంది కదా, మరి సింథటిక్ చీర, చున్నీ వేసుకుని వంట చేయొద్దని ఎందుకంటారు?"

నిజమే, పల్చటి నూలు బట్ట కూడా చప్పున అంటుకుంటుంది. తేడా ఆ తర్వాతే. నూలు కాలి బూడిదై రాలిపోతుంది. పాలిస్టర్ సుమారు 260 డిగ్రీల దగ్గర కరిగి, జిగురు ముద్దలా ఒంటికి అతుక్కుంటుంది. మంట ఆరినా ఆ ముద్ద వేడి చర్మంలోకి దిగుతూనే ఉంటుంది, అందుకే గాయం లోతు.

పైగా జార్జెట్, షిఫాన్ తేలిక, జారుడు. వెనక బర్నర్ మీది గిన్నె అందుకోవడానికి వంగితే చాలు, భుజం మీది కొంగు ముందు బర్నర్ మీదికి జారుతుంది. నూలు కొంగైనా వదులుగా వేలాడితే అంతే, బొడ్లో దోపాల్సిందే.

అంటుకుంటే పరుగెత్తకుండా నేల మీద దొర్లాలి. మంట ఆరాక చల్లటి కుళాయి నీళ్లు 20 నిమిషాలు పోయాలి. అతుక్కున్న బట్టను మాత్రం పీకొద్దు, చర్మం ఊడొస్తుంది. దాన్ని డాక్టరే తీయాలి.