వాయిదాల ఫీజు కోసం సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇవ్వొచ్చా?

"మా అబ్బాయి గుంటూరులో ప్రైవేటు కాలేజీలో బీటెక్ చదువుతున్నాడు. నా ఉద్యోగం పోయింది. మిగిలిన ఫీజు రూ.90,000 ఐదు వాయిదాల్లో కడతానని అకౌంట్స్ ఆఫీసులో లెటర్ ఇస్తే సరేనన్నారు, మొదటి వాయిదా రూ.18,000 కట్టాను. ఇప్పుడు ఆ లెటరే రాలేదంటున్నారు. మొత్తం ఒకేసారి కట్టాలట, లేదంటే సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇవ్వాలట. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు సార్, ఏం చేయమంటారు?" – ఒక తండ్రి

ఉద్యోగం పోయిందన్న కారణంతో వాయిదాలు అడిగే హక్కు చట్టంలో లేదండీ, అది యాజమాన్యం ఇచ్చే వెసులుబాటు మాత్రమే. కాబట్టి ఇక్కడ తేలాల్సింది ఒక్కటే: ఆ వెసులుబాటు కాగితం మీద ఉందా? మీరు లెటర్ ఇచ్చి, కాపీ మీద స్టాంపు, సంతకం వేయించుకోకుండా వచ్చేశారు. అంత డబ్బు వ్యవహారంలో ఇంత అజాగ్రత్త ఏమిటి? కౌంటర్లో గుమాస్తా అన్న 'సరే'ను రేపు ఎవరు ఒప్పుకుంటారు?

ఖాళీ చెక్కు మాత్రం ఇవ్వకండి. సంతకం మీదైతే, మిగతా వివరాలు ఎవరు నింపినా, అది బాకీ కిందే ఇచ్చారని కోర్టు ముందుగా అనుకుంటుందని సుప్రీంకోర్టు 2019లో బీర్ సింగ్ కేసులో చెప్పింది. కాదని చూపించాల్సిన బరువు మీ మీద పడుతుంది. మీ బాకీ ఇప్పుడు రూ.72,000, వాళ్లు రూ.90,000 అని నింపితే? చెక్కు బౌన్సయిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోగా నోటీసు పంపొచ్చు, అది అందాక కట్టడానికి మీకు 15 రోజులే, ఆపైన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద క్రిమినల్ కేసు, రెండేళ్ల దాకా జైలు గానీ చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా గానీ, రెండూ గానీ. ఖాతాలో డబ్బు లేనప్పుడు, చెక్కు చెల్లించొద్దని బ్యాంకులో స్టాప్ పేమెంట్ పెట్టినా తప్పించుకోలేరు. తప్పదంటే వాయిదాకొక చెక్కు, పేరు, తేదీ, మొత్తం మీరే నింపి, నంబర్లు లెటర్లో రాసి ఇవ్వండి, అదీ ఆ తేదీకి డబ్బు ఉంటుందన్న నమ్మకం ఉంటేనే.

ఇప్పుడు కొత్త లెటర్ ప్రిన్సిపాల్ పేరుతో రాయండి, కాపీ అకౌంట్స్‌కు. అడ్మిషన్ నంబర్, రూ.18,000 రసీదు నంబర్, మిగిలిన నాలుగు వాయిదాలకు నాలుగు తేదీలు, ఉద్యోగం నుంచి తీసేసిన లెటర్ జతగా. వాయిదాలు సక్రమంగా కడుతున్నంత కాలం హాల్ టికెట్ ఆపొద్దని, జవాబు రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. రాసే ముందు ఫీజు లెడ్జర్ తీసుకుని లెక్క సరిచూసుకోండి, ఎందుకంటే మీరు సంతకం పెట్టి బాకీ ఒప్పుకున్న రోజు నుంచి వసూలు దావాకు వాళ్లకు కొత్తగా మూడేళ్ల గడువు మొదలవుతుంది. స్టాంపు వేయకపోతే వాదించకుండా స్పీడ్ పోస్టులో పంపి, అదే కాలేజీకి ఈమెయిల్ కూడా చేయండి, రెండు రుజువులూ దాచుకోండి.

జవాబు వచ్చేదాకా ఆగకుండా రెండో వాయిదా దాని తేదీకే కట్టేయండి, కాలేజీ బ్యాంకు ఖాతాలోకే, గుమాస్తా ఫోన్ నంబరుకు కాదు.